ట్యాప్ ఎన్నో నంబరులో పెట్టాలి?

సాయంత్రం ఏడింటికి మా ఊరి చివరి వీధిలో గ్రైండర్ తిరగదు. రాయి ఒక్కసారి కదిలి ఆగిపోతుంది, మోటారు గుయ్‌మంటుంది, కాసేపటికి కాలిన వాసన వస్తుంది. అదే పప్పు రాత్రి పదకొండు దాటాక వేస్తే గిరగిరా రుబ్బేస్తుంది. లైన్‌మన్ వచ్చినప్పుడల్లా ఒకటే మాట: ‘కరెంటుందిగా పెద్దమ్మా, బల్బు వెలుగుతోందిగా.’ ఆవిడ జవాబూ ఒకటే: ‘బల్బుతో పిండి రుబ్బుకోమంటావా నాయనా?’

ఇద్దరూ అబద్ధమాడలేదు. ఎల్ఈడీ బల్బు 150 వోల్టులొచ్చినా దర్జాగా వెలుగుతుంది. పాత గుండు బల్బుల కాలంలో లో-వోల్టేజీని కంటితో చూసి చెప్పేవాళ్లం, ఇప్పుడు ఆ సాక్షి పోయింది. మోటారున్న వస్తువులే బాధ చెబుతున్నాయి.

కొత్తగా వచ్చిన ఏఈ ఈ గొడవను మాటలతో కాకుండా మీటరుతో తేల్చాడు. నేనూ వెంట తిరిగాను. ట్రాన్స్‌ఫార్మర్‌కి ట్యాప్ అనేది ఒకటుంటుందని, దాన్ని ఒక మెట్టు అటో ఇటో తిప్పితే ఊరంతటి వోల్టేజీ మారుతుందని అప్పుడే తెలిసింది. ఎటు తిప్పాలి, ఎన్ని మెట్లు అన్నది మాత్రం అంత తేలిక కాదు.

ఊళ్లోకి 11,000 వోల్టుల లైను వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఆ వోల్టేజీ పైవైపు చుట్ట మీద పడి, కిందివైపు చుట్టలో చిన్నదై బయటికొస్తుంది. లెక్క తేలికగా ఉండటానికి పై చుట్టలో 1,100 చుట్లు, కింది చుట్టలో 25 చుట్లు ఉన్నాయనుకుందాం. 11,000 వోల్టులు 1,100 చుట్లకు పంచుకుంటే చుట్టుకు 10 వోల్టులు. కింద 25 చుట్లకు 250 వోల్టులు. సరిగ్గా అందుకే లోడు లేనప్పుడు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 250 వస్తుంది, నేమ్‌ప్లేటు మీద ఫేజుల మధ్య 433 అని ఉంటుంది.

మా ఊరు ఫీడర్ చివర ఉంది. సబ్‌స్టేషన్‌లో 11,000 బయల్దేరినా దారిలో ఊళ్లన్నీ వాడుకోగా సాయంత్రానికి మాకు 10,100 మాత్రమే చేరుతోంది. అప్పుడు చుట్టుకు 9.2 వోల్టులే పడతాయి, కింద 230 కూడా రాదు. పై చుట్టలో కొన్ని చుట్లను పక్కన పెట్టేస్తే? 1,100కి బదులు 1,034 చుట్లే వాడితే తగ్గిన వోల్టేజీ తక్కువ చుట్లకే పంచుకోవాలి, చుట్టుకు వాటా మళ్లీ పెరుగుతుంది. ట్యాప్ స్విచ్ చేసే పని ఇదొక్కటే. కింది చుట్టను ముట్టుకోదు. దానికీ కారణముంది. మాది 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. నిండు లోడు మీద కింది వైపు 213 ఆంపియర్లు పారితే పైవైపు ఎనిమిదిన్నరకు మించదు. స్విచ్ పెట్టడానికి ఎనిమిది ఆంపియర్ల చోటు మంచిదా, రెండువందల ఆంపియర్ల చోటు మంచిదా?

నేమ్‌ప్లేటులో ఐదు పొజిషన్లు చెక్కి ఉన్నాయి. ఒకటో నంబరు ఎదురుగా 11,330. రెండు 11,000. మూడు 10,670. నాలుగు 10,340. ఐదు 10,010. మెట్టుకు మూడు శాతం. కొన్నిటికి మెట్టు రెండున్నర శాతం ఉంటుంది కాబట్టి ఎవరి ప్లేటు వాళ్లే చదువుకోవాలి. 100 కేవీఏ లోపు చిన్నవాటిలో చాలావాటికి ట్యాప్ స్విచ్చే ఉండదు.

పొరపాటు జరిగేది ఈ ప్లేటు దగ్గరే. ఒకటో నంబరును ప్లస్ మూడు శాతం అంటారు. ప్లస్ అంటే వోల్టేజీ పెరుగుతుందనుకుని ఒకటికి తిప్పినవాళ్లున్నారు. ప్లేటు మీది అంకె లోపలికొచ్చే వోల్టేజీది, బయటికిచ్చేది కాదు. 11,330కి తిప్పితే చుట్లు పెరుగుతాయి, ఇంటికొచ్చే వోల్టేజీ ఇంకా తగ్గుతుంది. పై అంకె తగ్గేకొద్దీ ఇంట్లో వోల్టేజీ పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఏఈ ట్యాప్ జోలికి వెళ్లకముందు మూడు రీడింగులు తీసుకున్నాడు. సాయంత్రం ఏడున్నరకు ట్రాన్స్‌ఫార్మర్ కింది వైపు బుషింగుల దగ్గర 223, అదే సమయానికి చివరి ఇంటి మీటరు దగ్గర 206. మళ్లీ రాత్రి రెండింటికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 238. మూడు ఫేజులూ ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. అది ముఖ్యం. ఒక ఫేజు బాగా తగ్గి ఇంకోటి బాగా పెరిగితే న్యూట్రల్ వదులైందని అర్థం. ఒకటి మామూలుగా ఉండి రెండు సగానికి పడితే పైవైపు హెచ్‌జీ ఫ్యూజు ఒకటి పోయినట్టు. ఆ రెంటికీ ట్యాప్ మందు కాదు. ఫీడర్ మీదున్న ఊళ్లన్నిటిలో ఇదే బాధ ఉంటే మార్చాల్సింది సబ్‌స్టేషన్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌ను, ఊళ్లోదాన్ని కాదు.

ఇక లెక్క. విద్యుత్ సరఫరా నియమాల ప్రకారం ఇంటికి చేరే వోల్టేజీ 240కి ఆరు శాతం అటూ ఇటూ దాటకూడదు. అంటే 226 నుంచి 254 దాకా. ఈ రెండు అంకెల మధ్య 28 వోల్టుల సందు. మా ఊళ్లో అతి తక్కువ 206, అతి ఎక్కువ 238. తేడా 32. ఇరవై ఎనిమిది వోల్టుల సందులో ముప్ఫై రెండు వోల్టుల తేడాను ఎటు జరిపినా ఏదో ఒక కొస బయటే ఉంటుంది. ట్యాప్ ఊరంతటినీ ఒక్కసారిగా పైకెత్తుతుందే గానీ మొదటి ఇంటికీ చివరి ఇంటికీ మధ్య దూరాన్ని తగ్గించలేదు. ఈ విషయం తెలియకపోవడం వల్లే ట్యాప్ మార్చినా బాగుపడలేదన్న నింద దాని మీద పడుతుంది.

అప్పటికి ట్యాప్ రెండో నంబరులో ఉంది. మూడుకు మారిస్తే ప్రతి రీడింగూ 11,000ను 10,670తో భాగించినంత, అంటే మూడు శాతం చొప్పున పెరుగుతుంది: చివరి ఇంట్లో సాయంత్రం 212, అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 245. నాలుగుకు మారిస్తే 219, 253. ఐదుకు మారిస్తే 226, 262.

ఐదో నంబరు ఊరించేది అందుకే. చివరి వీధి పెద్దమ్మ గ్రైండర్ ఆ సాయంత్రమే తిరుగుతుంది, ఫిర్యాదు ఆగిపోతుంది. కానీ రాత్రి లోడు పడిపోయాక ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఇళ్లకు 262 వోల్టులు వెళ్తాయి. ఫ్రిజ్ కంప్రెసర్లు, బల్బుల డ్రైవర్లు, టీవీ సర్క్యూట్లు ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్ కూడా అవసరానికి మించిన అయస్కాంతత్వంతో వేడెక్కి పెద్దగా హోరెత్తుతుంది. ఒక వీధి బాధను తీసుకెళ్లి ఇంకో వీధి నెత్తిన పెట్టడమే అది. ఏఈ నాలుగుకే కట్టుబడ్డాడు. సరిగ్గానే చేశాడని నా అభిప్రాయం.

మరి చివరి ఇంటికి తక్కువైన ఏడు వోల్టులు? అవి ఎల్‌టీ లైను మీద పోతున్నవి. మూడో స్తంభం మీద జంపర్ ముడి నల్లబడి ఉంది, తీసి కొత్తది బిగించారు. చివరి వీధి ఇళ్లలో ఎక్కువ భాగం ఒకే ఫేజు మీద వేలాడుతున్నాయి, వాటిని మూడు ఫేజులకూ పంచారు. దాంతో లైను మీద పోయే వోల్టేజీ 18 నుంచి పదికి దిగింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 237, చివరి ఇంట్లో 227. ఇళ్లలో స్టెబిలైజర్లు పెట్టుకోవడం వల్ల ఈ పని జరగదు. తక్కువ వోల్టేజీలో ప్రతి స్టెబిలైజరూ ఎక్కువ ఆంపియర్లు లాగి, తర్వాతి ఇంటికి వోల్టేజీ ఇంకా తగ్గిస్తుంది.

తిప్పడం దగ్గర ఒక్క మాట కచ్చితంగా చెప్పాలి. ఇది ఆఫ్-సర్క్యూట్ ట్యాప్. లోడు తీసేస్తే చాలు, పైన లైను ఉన్నా తిప్పొచ్చు అనుకోవడం ప్రాణాంతకం. లైను ఉండగా తిప్పితే నూనెలోనే ఆర్క్ లేస్తుంది, ట్యాంకు పేలొచ్చు. ఆ రోజు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుని, ఏబీ స్విచ్ తెరిచి తాళం వేసి, హెచ్‌జీ ఫ్యూజులు పీకేశారు. ఎవరి ఇంటి జనరేటరో ఇన్వర్టరో వెనక్కి తన్నకుండా కింది వైపు ఫ్యూజులూ తీశారు. లైను చచ్చిందో లేదో పరీక్షించి, రెండు వైపులా ఎర్త్ రాడ్ తగిలించాకే లైన్‌మన్ దిమ్మె ఎక్కాడు.

లాకింగ్ బోల్టు తీసి, హ్యాండిల్‌ను ఒకటి నుంచి ఐదు దాకా నాలుగైదుసార్లు తిప్పాడు. ఏళ్ల తరబడి ఒకే చోట ఉన్న కాంటాక్టుల మీద పేరుకున్న పొర రాసుకుపోవడానికి అలా చేస్తారట. తర్వాత నాలుగు మీద ఆపి, బోల్టు తన గుంటలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాడు. రెండు నంబర్ల మధ్యలో ఆగితే కాంటాక్టు అరకొరగా పట్టుకుంటుంది. అక్కడ వేడి పుట్టి, నూనె నల్లబడి, కొన్నాళ్లకు ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అందుకే పైవైపు మూడు బుషింగుల మధ్య జతజతకీ మీటరు పెట్టి రెసిస్టెన్స్ చూశారు. మూడూ సమానం. ముందు కింది వైపు ఫ్యూజులు లేకుండానే ఛార్జ్ చేసి మూడు ఫేజుల వోల్టేజీ కొలిచారు. అవీ కలిశాక లోడిచ్చారు.

కొత్త పొజిషన్‌నూ తేదీనీ స్తంభం మీద పెయింటుతో రాయించాడు ఏఈ. రేపు దగ్గర్లో కొత్త సబ్‌స్టేషన్ వస్తే మాకు పూర్తిగా 11,000 అందుతుంది. అప్పటికీ ట్యాప్ నాలుగులోనే ఉంటే రాత్రుళ్లు ఇంట్లో 265 దాకా వస్తుంది. ఆ రోజు మళ్లీ రెండుకు తిప్పాలి. తిప్పాలని గుర్తుండేది ఆ పెయింటు వల్లే.

మీ ఊళ్లోనూ ఈ బాధే ఉంటే 1912కి ఫోన్ చేసేటప్పుడు ‘డిమ్‌గా వస్తోంది’ అనకండి. ఎలక్ట్రీషియన్‌తో సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి కొలిపించి, ఆ రెండు అంకెలూ టైముతో సహా చెప్పండి. దిమ్మె దగ్గరికి మాత్రం మీరు వెళ్లొద్దు. అర్ధరాత్రి రీడింగ్ తీయకుండా ఎవరైనా ట్యాప్ మార్చేస్తామంటే, ముందు అది తీసి రమ్మనండి.