సీఆర్ చెప్పిన నాలుగు నిమిషాల మాట

ఫార్మకాలజీ క్లాసు అయిపోయాక సీఆర్ దగ్గరికొచ్చి, "మేడమ్, నాలుగు నిమిషాలు మాట్లాడొచ్చా?" అని అడిగింది. ఎంబీబీఎస్ రెండో ఏడాది పిల్లలు. ఫైనల్స్‌కు ఇంకా 28 రోజులుంది. నలుగురు స్నేహితులతో కలిసి తయారుచేసిన 400 ఫ్లాష్‌కార్డులను ఆ అమ్మాయి క్లాసంతటికీ ఇవ్వబోతోంది. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

"గ్రూపులో ఒక ఫైల్ పెట్టాను, పేరు చివర .apkg అని ఉంటుంది. ఆంకీ యాప్ వేసుకుని దాంట్లో తెరవండి. ఆండ్రాయిడ్‌లో, లాప్‌టాప్‌లో ఫ్రీ. ఐఫోన్ యాప్‌కు డబ్బులు కట్టాలి కాబట్టి వాళ్లు లాప్‌టాప్ వాడుకోండి."

జపనీస్ భాషలో ఆంకీ అంటే కంఠతా పట్టడం. డేమియన్ ఎల్మ్స్ 2006లో తెచ్చిన ఈ ప్రోగ్రాం ఒక వైపు ప్రశ్న చూపించి, మనం జవాబు తలచుకున్నాక రెండో వైపు తిప్పుతుంది. మరిచిపోయిన కార్డును వెంటనే మళ్లీ తెస్తుంది, గుర్తున్నదాన్ని కొన్ని రోజులు ఆగి తెస్తుంది. అదే 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. పాఠం మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లే ముందున్నారు. మళ్లీ చదువుతున్నప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్ష హాల్లో మాత్రం పుస్తకం ఎదురుగా ఉండదు కదా.

తర్వాత సీఆర్ బోర్డు మీద రెండు కార్డులు రాసింది. మొదటిది: 'ప్రొప్రనలాల్ దుష్ప్రభావాలు అన్నీ చెప్పు.' రెండోది: 'ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ ఎందుకు ఇవ్వకూడదు?' మొదటిదాన్ని డెక్‌లోంచి తీసేశామంది. ఎనిమిది దుష్ప్రభావాల్లో ఆరు చెప్పినవాడు తప్పు నొక్కాలా, ఒప్పు నొక్కాలా? ఏది నొక్కినా లెక్క చెడుతుంది. రెండోదానికి జవాబు ఒక్కటే: ఆ మందు శ్వాసనాళాల్లోని బీటా-2 గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది, నాళాలు బిగుసుకుని ఊపిరాడదు. ఇలా కారణాన్ని అడిగే చిన్న ప్రశ్నలుగా పెద్ద కార్డులను విడగొట్టడానికే రెండు వారాలు పట్టిందట. నేను చూసిన డెక్‌లలో చాలావరకు చెడేది ఇక్కడే. పాఠ్యపుస్తకంలోని పేరాను తెచ్చి కార్డు వెనక అతికించేస్తారు.

"మరిచిపోతే Again నొక్కండి. Hard నొక్కొద్దు. Hard అంటే కష్టపడ్డాను గానీ గుర్తొచ్చింది అని అర్థం." చిన్న మాటలా ఉన్నా ఇది చాలా ముఖ్యం. మరిచిపోయి కూడా Hard నొక్కితే కార్డు వచ్చినట్టే లెక్క. అది రోజులు దాటుకుంటూ దూరం వెళ్లిపోతుంది, పరీక్ష రోజుకు జవాబు తెలియదు.

రోజుల లెక్కా చెప్పింది. రోజుకు 20 కొత్త కార్డులు తీసుకుంటే 20 రోజుల్లో డెక్ పూర్తవుతుంది, చివరి ఎనిమిది రోజులు పాతవే తిప్పుకోవచ్చు. రోజూ 20 అంటే తేలికే అనిపిస్తుంది గానీ, తిరిగొచ్చే పాత కార్డులు కలిసి కొన్నాళ్లకు వందకు పైగా అవుతాయి. రెండు రోజులు మానేస్తే అన్నీ ఒకేసారి కుప్పపడతాయి. "పది రోజుల ముందు మొదలుపెట్టేవాళ్లు మొత్తం డెక్ ముట్టుకోవద్దు. రాని యూనిట్లు రెండు ఎంచుకోండి, మిగతావి ఆపేయండి" అంది. తన డెక్‌ను పూర్తిగా వాడొద్దని తనే చెప్పడం నాకు నచ్చింది.

అందరికంటే జాగ్రత్తగా చెప్పిన మాట తప్పుల గురించి. "హెపారిన్‌కు విరుగుడు విటమిన్ కె అని నేనే రాశాను. అది వార్ఫరిన్‌కు. హెపారిన్‌కు ప్రొటమైన్ సల్ఫేట్. తప్పు కనిపిస్తే మీ ఫోన్లో మీరే దిద్దుకుని ఊరుకోకండి, గ్రూపులో చెప్పండి. నేను దిద్ది కొత్త ఫైల్ పంపుతాను. దాన్ని తెరిస్తే కార్డు మారుతుంది, మీరు చదివిన లెక్క పోదు." సొంత నోట్సులో తప్పు ఒక్కరినే ముంచుతుంది. పంచుకున్న డెక్‌లో తప్పును క్లాసంతా రోజూ తిప్పి తిప్పి గట్టిగా నేర్చుకుంటుంది.

ఎవరో లేచి, "ఇది చదివితే పాసైపోతామా?" అని అడిగారు. "షార్ట్ ఆన్సర్లకు పనికొస్తుంది. లాంగ్ క్వశ్చన్ మాత్రం కాగితం మీద రాసి చూసుకోవాల్సిందే" అంది. నిజమే. అధిక రక్తపోటు చికిత్సను వరసగా, ఏ రోగికి ఏ మందు ఎందుకో కలిపి రాయడం విడివిడి కార్డులతో రాదు.

మీ క్లాసులోనూ ఇలాంటి డెక్ తయారవుతుంటే, పంచే ముందు ఆ సబ్జెక్టు చెప్పే టీచరుకు ఒక్కసారి చూపించండి. ఈ అమ్మాయి ముందే నాకు తెచ్చి చూపించింది. 400 కార్డుల్లో తొమ్మిది తప్పులు దొరికాయి.