ఫిర్యాదు లేఖ: ఆలస్యంగా అందిన పెళ్ళి వీడియో

సేవలో జరిగిన లోపాన్ని తెలిపి, పరిహారం కోరుతూ వ్రాసేది ఫిర్యాదు లేఖ. ఇందులో ఆగ్రహవాక్యాలకన్న తేదీలకు బలమెక్కువ. గుడివాడకు చెందిన ఒక వధువు తండ్రి విజయవాడలోని వీడియోగ్రాఫరుకు ఇలా వ్రాశాడనుకొందాం.

“అయ్యా,

ఫిబ్రవరి 12న జరిగిన మా అమ్మాయి వివాహపు వీడియోను ఏప్రిల్ 12లోగా ఇస్తామని రసీదుపై వ్రాసి, రూ. 40,000 బయానా తీసికొన్నారు. సెప్టెంబరు 20న మిగిలిన రూ. 20,000 తీసికొని వీడియో ఇచ్చారు. మంచం పట్టి పెళ్ళికి రాలేకపోయిన మా అమ్మగారు, మనుమరాలి తలంబ్రాలు చూడకుండానే జూలైలో కన్నుమూశారు. వీడియో తీసికొన్నంత మాత్రాన ఆలస్యాన్ని మేము అంగీకరించినట్లు కాదు. 15 రోజులలో రూ. 20,000 పరిహారం చెల్లించగలరు. లేనిచో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము.

ఇట్లు,
వధువు తండ్రి”

ఈ లేఖలో గడువుకు ఆధారం రసీదు. ఫోనులో ఇచ్చిన మాటను తరువాత నిరూపించడం కష్టం. తీరని నష్టాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకొన్నారు, దూషణ లేదు. వీడియో అందింది కనుక మొత్తం సొమ్ము కాక, కొంత భాగాన్నే కోరారు. వీడియో తీసికొన్నప్పటికీ ఆలస్యాన్ని అంగీకరించలేదన్న వాక్యం ముఖ్యమైనది. అది లేకుంటే, “సంతోషంగానే తీసికొన్నారు” అని ఎదుటివారు వాదించవచ్చు.

లేఖను స్పీడుపోస్టులో పంపి, నకలును, తపాలా రసీదును భద్రపరచాలి. సమాధానం రానిచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వివాదకారణం ఏర్పడిన రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. తాము నివసించే జిల్లాలోనే చేయవచ్చు.