స్కోర్ పెరిగింది సరే, చదివి వినిపించారా?

ఒక ప్రకటన డ్రాఫ్ట్‌ను ఎడిట్ చేశాక అది నిజంగా బాగుపడిందా, లేక మారిందంతేనా అన్నది తేల్చుకోవడం కష్టం. దిద్దినవాళ్లకు దిద్దినదే బాగుంటుంది, రాసినవాళ్లకు రాసినదే. ఈ వాదన తెగడానికి చాలా ఆఫీసుల్లో ఒక అంకెను ఆశ్రయిస్తారు. అదే రీడబిలిటీ స్కోర్.

వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నది రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ప్రచురించిన సూత్రం. ఆయన వియన్నాలో లా చదివి, నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన మనిషి. ఆయన లెక్క చూసేది రెండే విషయాలు: సగటున వాక్యానికి ఎన్ని మాటలు, మాటకు ఎన్ని అక్షరాలు. అక్షరం అంటే ఇక్కడ ఒక్క ఊపులో పలికే ధ్వని ముక్క. మొదటి సగటును 1.015తో, రెండోదాన్ని 84.6తో గుణించి, ఆ రెండింటినీ 206.835లోంచి తీసేస్తే వచ్చేదే స్కోర్. 60 నుంచి 70 మధ్య వస్తే మామూలు జనానికి అందే ఇంగ్లీషు అని అర్థం. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఇది ఎప్పటినుంచో ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని ఇంగ్లీషు ప్రకటనలు రాసేవాళ్లకు ఇది పనికొచ్చే కొలతే.

తెలుగు డ్రాఫ్ట్‌కు మాత్రం ఈ అంకెను అలాగే తెచ్చి పెట్టకూడదు. "అమ్మ అన్నం పెట్టింది" అన్న వాక్యాన్నే తీసుకోండి. మూడు మాటలు, ఏడు అక్షరాలు. లెక్క వేస్తే 6 వస్తుంది. ఫ్లెష్ కొలబద్దలో అది కొరుకుడుపడని రాత కింద లెక్క. అదే మాట ఇంగ్లీషులో "మదర్ సర్వ్‌డ్ రైస్" అంటే 91. మన భాషలో విభక్తులు, క్రియల చివర చేరే ప్రత్యయాలు అన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి మాట పొడుగవుతుంది. పొడుగైనంత మాత్రాన అది కష్టం కాదు. "తినకూడదు" అయిదక్షరాలు, "వర్జ్యం" రెండే. సూత్రాన్ని నమ్ముకుంటే రెండోదే తేలిక అనుకోవాలి!

అందుకే తెలుగులో నేను అక్షరాల లెక్క వదిలేస్తాను. వాక్యానికి సగటున ఎన్ని మాటలన్నది ఒక్కటే చూస్తాను, అదీ ఒకే డ్రాఫ్ట్‌కు ముందూ వెనకా పోల్చడానికే. ఆ అంకె ఎంత చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఒక ఉదాహరణలో చూద్దాం. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ కోసం రాసిన కరపత్రం అనుకోండి. మొదటి డ్రాఫ్ట్ ఇది:

"మా ల్యాబ్ ద్వారా అందించబడుతున్న హోం కలెక్షన్ సేవను వినియోగించుకోవడం ద్వారా వినియోగదారులు తమ ఇంటి వద్దనే నిపుణులైన సిబ్బందిచే రక్త నమూనాల సేకరణ జరిపించుకుని, అదే రోజు సాయంత్రానికి తమ ఫోన్‌లోనే రిపోర్టులను పొందగలుగుతారు. పరగడుపున చేయాల్సిన షుగర్ పరీక్ష ఉన్నవారు ముందు రోజు రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోకుండా ఉండాలి కాబట్టి ఉదయం ఏడు గంటల స్లాట్ ఎంచుకోవడం మంచిది."

రెండు వాక్యాలు, 48 మాటలు. సగటు 24. ఇది బరువైన రాత అని చెప్పడానికి లెక్క కూడా అక్కర్లేదు. ఎడిటర్ కత్తెర పట్టాక రెండో డ్రాఫ్ట్ ఇలా తయారైంది:

"మా సిబ్బంది ఇంటికొస్తారు. రక్తం తీసుకుంటారు. సాయంత్రం రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. షుగర్ పరీక్షకు ఏమీ తినకూడదు. ఏడు గంటల స్లాట్ ఎంచుకోండి."

అయిదు వాక్యాలు, 17 మాటలు. సగటు 3.4కి దిగింది. అంకె చూస్తే ఇంతకంటే ఘనవిజయం ఉండదు. ఇప్పుడు దీన్ని షుగర్ ఉన్న ఒక పెద్దావిడకు చదివి వినిపించండి. ఏమడుగుతారు? "ఎప్పట్నుంచి తినకూడదమ్మా? మంచినీళ్లు తాగొచ్చా? ఏడంటే పొద్దునా, సాయంత్రమా?" ఈ మూడింటికీ మొదటి డ్రాఫ్ట్‌లో జవాబు ఉంది. ఎడిట్‌లో పోయింది. "కాబట్టి" అన్న మాట కూడా పోవడంతో, పరగడుపుకీ పొద్దున ఏడింటికీ ఉన్న సంబంధం తెగిపోయింది. సూత్రానికి ఇదేమీ కనిపించదు. అది మాటల్ని లెక్కపెడుతుందే తప్ప వాటి మధ్య లంకెను చూడదు. ఒక వాక్యంలోని మాటలన్నీ తారుమారు చేసినా స్కోర్ మారదు.

అలాగని గట్టిగా చదవడం అంటే రాసినవారో దిద్దినవారో తమకు తామే చదువుకోవడం కాదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట మీద బరువు వేయాలో వాళ్లకు ముందే తెలుసు. ఎంత మెలికల వాక్యాన్నయినా సాఫీగా లాగించేస్తారు. కాగితాన్ని ఇంతకుముందు చూడని మనిషి చేతికివ్వాలి. మీరు ఇంకో కాపీ, పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి. మధ్యలో సాయం చేయకూడదు, తల కూడా ఊపకూడదు.

మూడు చోట్ల గుర్తు పెట్టండి. అర్థం కోసం ఆగిన చోట ఒకటి. వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన చోట ఇంకొకటి. మూడోది అన్నిటికంటే విలువైనది: కాగితం మీద ఒకటి ఉంటే, తెలియకుండానే నోటికి ఇంకొకటి వచ్చిన చోటు. "రక్త నమూనాల సేకరణ" అని ఉన్నచోట "రక్తం తీసుకోవడం" అని చదివేస్తే, మీకు కావలసిన మాటను ఆ మనిషే ఉచితంగా ఇచ్చినట్టు. "అందించబడుతున్న", "సిబ్బందిచే" లాంటివి తెలుగు నోటికి ఎంత పరాయివో కూడా ఇక్కడే బయటపడుతుంది. ఇవి కాగితం మీద పెద్దరికంగా కనిపిస్తాయి కాబట్టే ఇన్నేళ్లుగా ప్రకటనల్లో బతుకుతున్నాయి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

చదవడం అయ్యాక కాగితం తీసేసుకుని ఒకే ప్రశ్న అడగండి: "రేపు పరీక్ష చేయించుకోవాలంటే మీరేం చేస్తారు?" గొంతు ఎక్కడా తడబడకపోయినా ఇక్కడ జవాబు తప్పిందంటే ఎడిట్ తప్పిందన్నమాటే. రెండో డ్రాఫ్ట్ ఓడిపోయేది సరిగ్గా ఇక్కడ. చదవడానికి మాత్రం నున్నగా జారిపోతుంది.

ఇంకో జాగ్రత్త ఉంది. పాత డ్రాఫ్ట్, కొత్త డ్రాఫ్ట్ ఒకరి చేతే వరసగా చదివించకండి. రెండోసారికి విషయం తెలిసిపోయి ఉంటుంది కాబట్టి రెండోది ఏదైనా తేలిగ్గానే సాగుతుంది. వేర్వేరు మనుషులకివ్వాలి. లేదా కొందరికి ముందు పాతది, కొందరికి ముందు కొత్తది ఇవ్వాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే చాలాసార్లు ఎడిటర్‌కు దక్కకూడని మార్కులు దక్కుతాయి.

ఈ గుర్తులన్నీ ముందు పెట్టుకుని రాస్తే మూడో డ్రాఫ్ట్ ఇలా ఉండొచ్చు:

"మా సిబ్బంది మీ ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు. అదే రోజు సాయంత్రానికి రిపోర్టు మీ ఫోన్‌కి వస్తుంది. పరగడుపున షుగర్ పరీక్ష చేయించుకోవాలంటే ముందు రోజు రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప ఇంకేమీ తీసుకోకూడదు. అందుకే పొద్దున ఏడు గంటలకే రమ్మని చెప్పండి, ఆకలితో ఎక్కువసేపు ఉండక్కర్లేదు."

నాలుగు వాక్యాలు, 36 మాటలు, సగటు 9. అంకె ప్రకారం రెండో డ్రాఫ్ట్ కంటే ఇది వెనకబడినట్టే. మూడో వాక్యంలో పదమూడు మాటలున్నాయి, కానీ తెలుగు నోరు దాన్ని ఒకే ఊపిరిలో దాటేస్తుంది, ఎందుకంటే ఇంట్లో చెప్పే వరసలోనే ఉంది. దాన్ని విరగ్గొడితే స్కోర్ పెరుగుతుంది, షరతు మాత్రం చెదిరిపోతుంది. నేనైతే విరగ్గొట్టను. సగటు 24 నుంచి 9కి రావడం, బరువు దిగిందనడానికి చాలినంత సాక్ష్యం. 9 నుంచి 3.4కి దింపడంలో దిగింది బరువు కాదు, సమాచారం.

ఈ మూడో డ్రాఫ్ట్‌ను విన్నవాళ్లు కూడా ఒక ప్రశ్న అడుగుతారు: "ఇంటికొచ్చినందుకు వేరే డబ్బులేమైనా తీసుకుంటారా?" మూడు డ్రాఫ్టుల్లోనూ దానికి జవాబు లేదు. అది ఎడిటర్ దిద్దగలిగేది కాదు. ల్యాబ్ వాళ్లను అడిగి తెలుసుకుని, అయిదో వాక్యంగా చేర్చాలి. సగటు ఒకటి అటో ఇటో అయినా పరవాలేదు.