సీసా మీది బొమ్మకు వయసు మీద పడితే

మన పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలూ సోడా మూతలూ పోగేసినట్టే, బ్రిటన్ పిల్లలు ఒకప్పుడు జామ్ సీసాలతో వచ్చే కాగితపు టోకెన్లు దాచేవారు. సరిపడా పోగయ్యాక పోస్టులో పంపితే రాబర్ట్‌సన్స్ కంపెనీ నుంచి ఎనామిల్ బ్యాడ్జి వచ్చేది. దాని మీద ఉండేవాడు ‘గోలీ’. 1928లో గోల్ఫ్ ఆడుతూ మొదలై, తర్వాత రకరకాల ఆటగాళ్లుగా, వాద్యగాళ్లుగా రెండు కోట్లకు పైగా బ్యాడ్జీల మీదకెక్కాడు. పిల్లల సరుకుకు ఇంతకన్నా మంచి మస్కట్ ఏముంటుంది అనిపించే బొమ్మ. ఆ బొమ్మే చివరికి గొంతులో వెలక్కాయ అయింది.

గోలీ పుట్టుక చూస్తే కారణం తెలుస్తుంది. 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ అనే చిత్రకారిణి పిల్లల పుస్తకంలో ‘గోలివాగ్’ అనే నల్ల గుడ్డబొమ్మను గీసింది. న్యూయార్క్‌లో గడిచిన తన చిన్నతనంలో ఆడుకున్న బొమ్మే దానికి నమూనా. హక్కులు ఆమె చేతిలో లేవు. ఆటబొమ్మల వాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు చేసి అమ్మారు. 1910 నుంచి రాబర్ట్‌సన్స్ లేబుళ్ల మీదకూ వచ్చింది.

ఇప్పుడా ముఖాన్ని గీసేవాడి కంటితో చూడండి. నల్లని గుండ్రటి ముఖం, తెల్లని వలయంలో కళ్లు, ఎర్రగా ఉబ్బిన పెదవులు, నిక్కబొడుచుకున్న జుట్టు. చిన్న లేబుల్ మీద, నాసిరకం అచ్చులో కూడా పది అడుగుల దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. పనితనంలో వంక పెట్టలేం. కానీ ఈ లక్షణాలన్నీ అమెరికా మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల నుంచి వచ్చినవే. అక్కడ తెల్లవాళ్లు కాల్చిన బిరడా మసి ముఖానికి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించేవారు. అంటే గీత ఎవరిదైనా, ఆ వెక్కిరింత మాత్రం అరువు తెచ్చుకున్నది.

బ్రిటన్‌లో చాలాకాలం దీన్ని ఎవరూ పట్టించుకోలేదు అనడం సరికాదు. బాధపడినవాళ్లు పట్టించుకునే ఉంటారు, వాళ్ల మాట వినేవాళ్లే లేరు. 1948 తర్వాత కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు బడికి వెళ్తే, పక్కపిల్లలకు వాళ్లను పిలవడానికి ఆ బొమ్మ పేరు సిద్ధంగా ఉంది. దాని చివరి ముక్క అప్పటికే తిట్టు. కంపెనీ ఆ ముక్క లేకుండా ‘గోలీ’ అని మాత్రమే పిలిచింది. పేరు కోయొచ్చు, ముఖాన్ని ఎలా కోస్తారు?

1983లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ ఆ సరుకులు కొనడం మానేసింది. 1988లో టీవీ ప్రకటనల నుంచి గోలీ తప్పుకున్నాడు. సీసా మీద నుంచి దిగడానికి 2001 దాటింది. విమర్శలకు తలొగ్గి కాదు, ఈ కాలం పిల్లలకు గోలీ అంటే ఎవరో తెలియడం లేదని కంపెనీ చెప్పుకుంది. ఫిర్యాదు ఉత్తరాలు ఏడాదికి పదీ పరకే వస్తాయని కూడా అంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇదే. నొచ్చుకున్నవాళ్లు జామ్ కంపెనీకి ఉత్తరం రాయరు, పక్క సీసా తీసుకుంటారు. బ్యాడ్జీల పెట్టె దాచుకున్నవాళ్లు మాత్రం గోలీ జోలికొస్తే ఊరుకోరు. బొమ్మను ఎంత ప్రేమిస్తే దాన్ని మార్చడం అంత ఆలస్యమవుతుంది.

మిక్కీ మౌస్‌నూ మార్చారు, కానీ ఎవరికీ తెలియకుండా. 1979లో స్టీఫెన్ జే గూల్డ్ అనే శాస్త్రవేత్త కాలిపర్ పట్టుకుని కొలిచాడు. తల పొడవులో 27 శాతం ఉన్న కన్ను యాభై ఏళ్లలో 42 శాతమైంది. కొంటె ఎలుక పసివాడయ్యాడు. కళ్లు, నిక్కరు, నడవడిక మార్చినా మిక్కీ మిగిలాడు, ఎందుకంటే అతని గుర్తంతా ఆ రెండు గుండ్రటి చెవుల్లో ఉంది. గోలీ గుర్తు వెక్కిరింతలోనే ఉంది. అది తీసేస్తే మిగిలేది ఖాళీ కోటు.

కొత్త మస్కట్ గీసేవాళ్లు ముందుగా చేయాల్సిన పరీక్ష కూడా ఇదే. బొమ్మను నల్లని నీడగా మార్చి, బట్టలూ చేతిలో వస్తువులూ ఒక్కొక్కటే చెరిపి చూడాలి. హెడ్‌ఫోన్, స్కేటుబోర్డు లాంటివి ఐదారేళ్లలో పాతబడినా తీసేయొచ్చు. శరీరంలో, రంగులో, పేరులో కలిసిపోయింది ఏదైనా ఉంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. హైదరాబాద్‌లో పుట్టిన ‘ఛోటా భీమ్’ బొమ్మలు మన పిల్లల బడిసంచుల దాకా వచ్చాయి. అందులో బెదిరించి తిరిగే లావుపాటి కుర్రాడి పేరు కాలియా. హిందీలో నల్లోడు అని. మనలో ఎందరికి అది చెవిన పడింది?

గోలీ స్థానంలో రాబర్ట్‌సన్స్ ఎంచుకున్నది పిల్లల రచయిత రోల్డ్ డాల్ పాత్రలను. విల్లీ వోంకా కూడా వాళ్లలో ఉన్నాడు. 1964లో వచ్చిన వోంకా పుస్తకం మొదటి ముద్రణలో అతని చాక్లెట్ ఫ్యాక్టరీ పనివాళ్లు ఆఫ్రికా అడవుల నుంచి తెచ్చిన మరుగుజ్జులు. విమర్శలొచ్చాక 1973 ముద్రణలో వాళ్లకు తెల్లరంగు వేశారు. 2023లో ప్రచురణకర్తలు డాల్ పుస్తకాల్లో వందల చోట్ల మాటలు మార్చి, గొడవయ్యాక పాత ప్రతులూ అమ్ముతామన్నారు.