చీకటి హాల్లో వీడియోకి చుక్కలెందుకు పడతాయి?

పెళ్లి వీడియో చేతికొచ్చాక ఒక జంట వీడియోగ్రాఫర్‌ని వాట్సాప్‌లో అడిగారు: "అన్నా, జీలకర్ర బెల్లం చక్కగా వచ్చింది. రిసెప్షన్‌లో మా ఎంట్రీ మాత్రం గింజలు గింజలుగా ఉందేంటి? కెమెరా మార్చారా?"

కెమెరా అదే, మారింది వెలుతురు. ఎంట్రీ కోసం డీజే హాలు లైట్లన్నీ ఆర్పించాడు. మిగిలినవి నీలం, ఊదా ఎల్‌ఈడీలు, పొగ. వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకి వెలుగు పట్టుకోవడానికి ఉన్న సమయం సెకనులో యాభయ్యో వంతు. ఇంకాసేపు పట్టుకుందామంటే నడిచే మనుషులు చెరిగిపోతారు. అందుకే ఐఎస్‌ఓని 12800కి పెంచాల్సి వచ్చిందని ఆయన జవాబిచ్చాడు.

ఐఎస్‌ఓ పెంచితే వెలుగు పెరగదు. సెన్సర్‌కి అందిన కాస్త వెలుగే ఎక్కువగా కనిపిస్తుంది, అంతే. ఆ వెలుగు కూడా సన్నని చినుకుల్లా పడుతుంది: ఒక చోట నాలుగు, పక్కన రెండు. జోరువానలో ఆ తేడా తెలియదు, తుంపరలోనే తెలుస్తుంది. వెలుగు పావువంతుకు తగ్గితే బొమ్మతో పోల్చినప్పుడు చుక్కల పాలు రెట్టింపవుతుంది. పైగా ముఖానికి కావాల్సిన ఎరుపు నీలం లైటులో దాదాపు ఉండదు. ఎడిటింగ్‌లో ఎంత లాగినా ముఖవర్ణం రాదు, చుక్కలే పైకి తేలతాయి.

మరి బాగుచేయలేమా? కొంత చేయొచ్చు. వరుస ఫ్రేముల్ని కలిపి సగటు తీసే నాయిస్ రిడక్షన్ ఉంది. నాలుగు ఫ్రేములు కలిస్తే చుక్కలు సగానికి తగ్గుతాయి, కానీ అది బొమ్మ కదలనప్పుడే. వేదిక మీద కూర్చున్న షాట్లు అలా తేటపడతాయి. ఎంట్రీలో చల్లిన పూలరేకులు మాత్రం వెనక తోకలు వదులుతాయి. ఇంకా గట్టిగా వాడితే ముఖం మైనం బొమ్మవుతుంది, పట్టుచీర జరీ అలుక్కుపోతుంది. అందుకని కూర్చున్న షాట్లకు పూర్తిగా, ఎంట్రీకి సగమే వాడతానని ఆయన చెప్పాడు. మరీ నీలంగా ఉన్న రెండు షాట్లను నలుపు తెలుపులోకి మారిస్తే రంగు చుక్కలు పోతాయి. ఇది సరైన నిర్ణయమే. కాస్త చుక్కలున్నా తమ ముఖాలు తమవిగా కనిపించడం మేలు. అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీలో చూడమనీ అన్నాడు. వాట్సాప్ వీడియోని కుదించేటప్పుడు ఆ చుక్కలే గళ్లుగా మారతాయి.

పెళ్లికూతురు చెల్లెలి రిసెప్షన్ ముందుంది కాబట్టి, ఇంకో మాట కూడా రాశాడు. ఎఫ్ 2.8 జూమ్‌కి బదులు ఎఫ్ 1.4 లెన్సు పెడితే నాలుగింతలు వెలుగొస్తుంది, ఐఎస్‌ఓ 3200 చాలు. అయితే ఫోకస్ పలచబడుతుంది. ఒకరు అడుగు ముందుంటే రెండోవారు మసకబారతారు. అంతకంటే మంచి దారి, నడిచే బాటకు ఎదురుగా, కొంచెం పక్కనుంచి రెండు వెచ్చని తెల్ల లైట్లు. రంగు లైట్లు వెనకాల ఎన్నున్నా ఫర్వాలేదు. ఈ సంగతి డెకరేటర్‌కీ డీజేకీ ముందే చెప్పి, అతిథులు రాకముందు ఎవరినైనా ఆ బాటలో ఒకసారి నడిపిస్తే, లైట్లు ఎటు జరపాలో అక్కడే చూసుకోవచ్చు.