పార్సెల్ తిరిగొస్తే ఎవరికి నష్టం?

ఆన్‌లైన్‌లో మంగళగిరి చీరలు అమ్మేవారి దగ్గరికి మా లాంటి లాజిస్టిక్స్ సంస్థల వాళ్లం వెళితే మొదట వచ్చే ప్రశ్న, ‘పార్సెల్‌కి ఎంత తీసుకుంటారు?’ అని. అడగాల్సిందే. కానీ వందలో ఎన్ని తిరిగొస్తాయన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఉదాహరణకి క్యాష్ ఆన్ డెలివరీ మీద వంద చీరలు పంపారనుకుందాం. చేరిన చీర మీద ఖర్చులన్నీ పోను మీకు 150 రూపాయలు మిగులుతుంది. పంపడానికి 70, తిరిగొస్తే మరో 60 అవుతుంది. 80 చేరి 20 వెనక్కి వస్తే 12,000 లాభంలో 2,600 పోయి 9,400 చేతికొస్తుంది. ఆ ఇరవైలో ఇంకో ఆరు చేర్చగలిగితే 11,080 అవుతుంది. అంటే 1,680 తేడా. అదే పంపే చార్జీలో ఐదు రూపాయలు బేరమాడితే మిగిలేది 500.

ఆ ఆరింటిని ఎలా కాపాడాలి? డెలివరీ కాని ప్రతి పార్సెల్‌కీ కారణం మీ ప్యానెల్‌లో ‘ఎన్‌డీఆర్’ పేరుతో కనిపిస్తుంది. ఫోన్ ఎత్తలేదనో, అడ్రస్ దొరకలేదనో, డబ్బు సిద్ధంగా లేదనో ఉంటుంది. అదే రోజు కొన్నవారికి ఫోన్ చేసి, ఇంటి గుర్తు, వీలైన సమయం కనుక్కుని మాకు పంపితే మర్నాటి ప్రయత్నానికి పనికొస్తుంది. ఆలస్యమైతే కొన్నవారి మనసు మారుతుంది.

కొన్నిసార్లు తప్పు మావైపే ఉంటుంది. డెలివరీ బాయ్ వెళ్లకుండానే ‘ఇంట్లో లేరు’ అని నమోదు చేస్తాడు. ఒకే పిన్‌కోడ్‌లో పొద్దుపోయాక నిమిషాల తేడాతో నాలుగైదు పార్సెళ్లకి అదే కారణం కనిపిస్తే అనుమానించండి. కాల్ రికార్డు, లొకేషన్ చూపించమని అడగండి.

డెలివరీ కాక తిరిగొచ్చిన పార్సెల్ వేరు, తీసుకున్నవారు నచ్చక వాపసు చేసింది వేరు. మొదటిదానికి సీలు చెదరకూడదు. అందుకునేటప్పుడు సీలు, బరువు చూసి, తేడా ఉంటే సంతకంతో పాటే రాయండి. విప్పేటప్పుడు వీడియో తీయండి. రెండోదాన్ని కొన్నవారి గుమ్మం దగ్గరే సరిచూసే ఏర్పాటు ఉందేమో అడగండి. మా బాయ్ రంగు, ట్యాగు, మరకలు చూసి ఫొటో తీయగలడు. ఒకసారి కట్టిన చీరా కాదా అన్నది మాత్రం అతను తేల్చలేడు.

ఒప్పందానికి ముందు మూడు అంకెలు అడగండి: మీరు పంపే పిన్‌కోడ్‌లలో తొలి ప్రయత్నంలోనే చేరేవి ఎన్ని, తిరిగొచ్చేవి ఎన్ని, అవి మీకు చేరడానికి ఎన్ని రోజులు. క్యాష్ ఆన్ డెలివరీ లెక్క విడిగా కావాలనండి. ముందే డబ్బు కట్టిన ఆర్డర్లు వెనక్కి రావడం తక్కువ కాబట్టి, రెండూ కలిపితే శాతం అందంగా కనిపిస్తుంది. ఈ అంకెలు రాసివ్వని సంస్థకి, అది మాదే అయినా, సరుకు అప్పగించకండి.