చర్చ గంటన్నర, మినిట్స్ అరపేజీ

నలభై ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పొద్దున కమిటీ సమావేశం జరుగుతోందనుకుందాం. లిఫ్టు రోపులు అరిగాయని, రెండు నెలల్లో మార్చాలని సర్వీసుకు వచ్చిన టెక్నీషియన్ రాసిచ్చి వెళ్లాడు. దాని మీద గంటన్నర చర్చ. పాత కంపెనీ వాళ్లు ఎక్కువ చెబుతారని ఒకరు, కొత్తవాళ్లను నమ్మలేమని ఇంకొకరు, కింది అంతస్తు వాళ్లు డబ్బెందుకివ్వాలని మరొకరు. చివరికి ‘సరే, కొటేషన్లు తెప్పిద్దాం’ అని అందరూ లేచారు.

కార్యదర్శి ఇదంతా శ్రద్ధగా నాలుగు పేజీలు రాశారు. ఎవరు ఏమన్నారో, దానికి ఎవరు ఏం జవాబిచ్చారో అన్నీ ఉన్నాయి. నెల తర్వాత పుస్తకం తెరిస్తే మాత్రం అవసరమైన సంగతి దొరకదు. కొటేషన్లు తెప్పించాల్సింది ఎవరు? ఎప్పటికి? ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? కోశాధికారి తెస్తారని అధ్యక్షుడు, అధ్యక్షుడు మాట్లాడతారని కోశాధికారి ఎదురుచూస్తూ నెల గడిపేస్తారు. ఈలోగా ఆ నాలుగు పేజీల్లో ‘ఆయన డబ్బివ్వనన్నారు’ అన్న వాక్యం మీద కొత్త గొడవ మొదలవుతుంది.

మాట మాట రాయడం నిజాయతీ అని చాలామంది కార్యదర్శులు అనుకుంటారు. చట్టం కూడా అలా అడగదు. కంపెనీల చట్టం, 2013లోని 118వ సెక్షన్ మినిట్స్‌లో ఉండాల్సింది సమావేశం తాలూకు సరైన, న్యాయమైన సారాంశమే అంటుంది. పరువుకు భంగం కలిగించేవి, విషయంతో సంబంధం లేనివి వదిలేసే అధికారం సమావేశ అధ్యక్షుడికి ఇస్తుంది. సమావేశం ముగిసిన 30 రోజుల్లోగా మినిట్స్ సిద్ధం కావాలంటుంది. ఇది కంపెనీలకు వర్తించే నిబంధన. అపార్ట్‌మెంట్ సంఘానికి దాని సొంత బైలాస్ ఉంటాయి. అయినా ఈ పద్ధతి ఏ కమిటీకైనా పనికొస్తుంది.

అదే లిఫ్టు చర్చను పనికొచ్చేలా రాస్తే ఇలా ఉంటుంది:

‘రెండు నెలల్లో రోపులు మార్చాలన్న టెక్నీషియన్ నివేదికను పరిశీలించి, మార్చాలని నిర్ణయించడమైనది. ప్రస్తుత సర్వీసు కంపెనీతో కలిపి మూడు కంపెనీల నుంచి కోశాధికారి జులై 20లోగా కొటేషన్లు తెప్పిస్తారు. వాటిలో తక్కువది పన్నులతో కలిపి రూ.90,000 దాటకపోతే అధ్యక్షుడు, కోశాధికారి కలిసి ఆర్డరు ఇవ్వవచ్చు. దాటితే ఆగస్టు 3 సమావేశంలో పెట్టాలి. ఖర్చు కార్పస్ ఫండ్ నుంచి.’

గంటన్నర మాటలు అయిదు వాక్యాలయ్యాయి. మొదటి వాక్యంలో కారణం కూడా ఉంది కాబట్టి, రేపు ఎవరైనా ‘ఇంత ఖర్చు ఎందుకు పెట్టారు’ అని అడిగితే జవాబు అక్కడే దొరుకుతుంది. బాధ్యత ఒక్కరి మీదే ఉంది. ‘కమిటీ చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూసుకోరు. అసలు పుస్తకంలో పదవి పక్కన పేరు కూడా రాయాలి, ఎందుకంటే పదవులు మారుతుంటాయి. గడువు కూడా తేదీగానే ఉంది. ‘వీలైనంత త్వరలో’ అన్నదాన్ని ఎవరూ దాటలేరు, అందుకే దాని గురించి ఎవరినీ అడగలేరు.

అన్నిటికంటే విలువైనది రూ.90,000 వాక్యం. చాలా మినిట్స్‌లో లేనిది అదే. ఆ హద్దు లేకపోతే కొటేషన్లు వచ్చాక మళ్లీ అందరినీ కూర్చోబెట్టాలి, లేదంటే ఇద్దరు సొంతంగా నిర్ణయించి తర్వాత మాట పడాలి.

కింది అంతస్తు సభ్యుడి అభ్యంతరం సంగతేమిటి? ఆయన వాదనంతా అక్కర్లేదు. తన అసమ్మతి నమోదు చేయమని ఆయన అడిగితే ‘కార్పస్ ఫండ్ వాడడానికి ఫలానా సభ్యుడు అసమ్మతి తెలిపారు’ అని ఒక్క వాక్యం చాలు. అడిగినా రాయకపోవడం మాత్రం తప్పు. నిర్ణయం వాయిదా పడినా ఊరికే ‘వాయిదా’ అని వదిలేయకూడదు. ఏ సమాచారం కోసం ఆగారో, దాన్ని ఎవరు, ఎప్పటికి తెస్తారో రాయాలి.

ఇవన్నీ ఇంటికి వెళ్లి గుర్తు తెచ్చుకుని రాసేవి కావు. ఒక అంశం ముగిసి రెండోదానికి వెళ్లేముందు కార్యదర్శి ఆపి, నిర్ణయాన్ని పైకి చదవాలి. ‘జులై 20 అంటే కష్టం, ఊళ్లో ఉండను’ అని కోశాధికారి అనాల్సింది అప్పుడే. అర నిమిషం పట్టే ఈ పనితో తర్వాత వచ్చే ‘నేనలా అనలేదు’లు చాలావరకు ఆగిపోతాయి. వచ్చే సమావేశంలో మొదటి అంశంగా పాత నిర్ణయాల అమలును తీసుకుంటే కోశాధికారి జవాబు చెప్పేది తాను ఒప్పుకున్న తేదీకే.

పుస్తకం విషయంలో కొంచెం కట్టుబాటు అవసరం. పేజీలకు నంబర్లు ఉండాలి, విడి కాగితాలు అంటించకూడదు. తప్పు రాస్తే తెల్లరంగు పూయకుండా, చదవడానికి వీలుగా ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయాలి.

మీరు ఏ కమిటీలోనైనా ఉంటే మినిట్స్ పుస్తకంలో చివరి సమావేశం పేజీ ఒకసారి తీసి చూడండి. ప్రతి నిర్ణయం పక్కన ఒక పేరు, ఒక తేదీ లేకపోతే వచ్చే సమావేశంలో ముందుగా వాటిని అడిగి రాయించండి.